గీతలు మూడు, మాట సగం: ఒకే నెట్‌వర్క్‌లో రెండు ఫోన్లకు తేడా ఎందుకు?

ఢిల్లీ బదిలీ మీద వచ్చిన మన బ్యాంకు కుటుంబాల్లో ఫోన్ అంటే ఊరితో ఉన్న బంధం. రాత్రి భోజనాలయ్యాక తెనాలికో, వరంగల్‌కో, అనకాపల్లికో ఒక ఫోన్ చేస్తేనే ఆ రోజు ముగిసినట్టు. మేము ద్వారకలో క్వార్టర్స్‌లో ఉంటాం. మా ఇంట్లో ఇద్దరివీ ఒకే కంపెనీ సిమ్‌లు, ఒకే ప్లాన్. అయినా పడగ్గదిలో నా ఫోన్ పలుకుతుంది, మా ఆవిడ ఫోన్ మాట మధ్యలో తెగిపోతుంది.

ఒక రాత్రి మా అత్తయ్యగారికి ఆయాసం వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్తూ ఆమెకు ఫోన్ చేశారు. రెండుసార్లు "అందుబాటులో లేరు" అని వచ్చిందట. చివరికి నా ఫోన్‌కి చేస్తే అందింది. అత్తయ్యగారు కోలుకున్నారు కానీ మా ఆవిడ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. "ఏమండీ, మీ ఫోన్‌లో రెండే గీతలు, నా దాంట్లో మూడు. అయినా నాదే ఎందుకు తెగుతోంది?"

మంచి ప్రశ్న. దాని జవాబు కోసం ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని చేసిన పరీక్ష, అందులో తెలిసిన సంగతులు ఈ వ్యాసం.

గీతలు ఏం చెబుతాయి?

ఫోన్ పైభాగాన కనబడే గీతలకు ప్రపంచమంతటా ఒకే కొలత లేదు. టవర్ నుంచి అందిన సిగ్నల్‌ని ఫోన్ కొలుస్తుంది. ఏ అంకెకు ఎన్ని గీతలు చూపాలో ఫోన్ తయారీదారు, ఒక్కోసారి నెట్‌వర్క్ కంపెనీ నిర్ణయిస్తారు. ఒక బ్యాంకు 60 మార్కులకు ఫస్ట్ క్లాస్ ఇచ్చి ఇంకో బ్యాంకు 50కే ఇస్తే, రెండు సర్టిఫికెట్లనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం కదా! ఇదీ అంతే.

దీనికి పేరుమోసిన ఉదాహరణ 2010లో వచ్చింది. ఆ జూన్‌లో విడుదలైన ఐఫోన్ 4ని ఎడమచేత్తో ఒక పద్ధతిలో పట్టుకుంటే గీతలు పడిపోతున్నాయని కొన్నవారు గోల చేశారు. జూలై 2న యాపిల్ ఒక బహిరంగ లేఖ రాసింది. గీతలను లెక్కగట్టే తమ సూత్రమే పూర్తిగా తప్పని, చాలా సందర్భాల్లో ఉండవలసిన దానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని అందులో ఒప్పుకుంది. అంటే జనం చూసిన నాలుగు గీతల్లో రెండు అసలు లేనివే.

కాబట్టి గీతలను వదిలి అంకెను చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" కింద సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంత్ అని ఉంటుంది. చాలా వాటిలో *#*#4636#*#* నొక్కినా వివరాలు తెరుచుకుంటాయి. ఐఫోన్‌లో అయితే *3001#12345#* నొక్కి కాల్ చేయాలి. అక్కడ -95 dBm, -110 dBm లాంటి అంకెలు కనబడతాయి. వీటిని డీబీఎం అంటారు.

ఈ అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. 4జీలో -90 బాగున్నట్టు, -105 సర్దుకోవచ్చు, -115 దాటితే కష్టం, -120 దాటితే మాట నిలవడం అదృష్టం. ఇవి స్థూలమైన గుర్తులు మాత్రమే. ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుంచుకోవాలి. ఇది మామూలు తీసివేత లెక్క కాదు. మూడు తగ్గితే శక్తి సగమవుతుంది. పది తగ్గితే పదో వంతు అవుతుంది.

మా పడగ్గది పరీక్ష

రెండు ఫోన్లనూ పోల్చాలంటే ముందు పరిస్థితులు సమానం చేయాలి. రేడియో తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి కాబట్టి, జానెడు జరిగినా అంకె మారిపోతుంది. అందుకని ఒక ప్లాస్టిక్ స్టూలు మీద చాక్‌పీస్‌తో గీత గీసి, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఫోన్లనూ సరిగ్గా అదే చోట, అదే దిక్కుగా పెట్టాం. రెండూ ఒకే బ్యాండ్‌లో, అంటే 1800 మెగాహెర్ట్జ్‌లో ఉన్నాయని చూసుకున్నాం. రెండు ఫోన్లు వేరువేరు బ్యాండ్లు పట్టుకుంటే ఆ పోలిక పనికిరాదు. పది సెకన్లకొకసారి చొప్పున పదిసార్లు అంకె రాసుకుని మధ్య విలువ తీసుకున్నాం.

నా ఫోన్ -106 చూపించింది, గీతలు రెండు. ఆమె ఫోన్ -113 చూపించింది, గీతలు మూడు! తేడా ఏడు. అంటే టవర్ పంపిన దాంట్లో నా ఫోన్‌కి అయిదు రూపాయలు అందుతుంటే ఆమె ఫోన్‌కి రూపాయే అందుతోంది. కానీ తెర మీద ఆమెదే ధనవంతుల ఇల్లులా కనబడుతోంది.

ఇక్కడ తొందరపడకూడదు. ఈ అంకెను కొలిచేది ఆ ఫోనే. ప్రమాణాల ప్రకారమే ఆ కొలతలో ఆరు డీబీ దాకా అటూఇటూ తప్పు ఉండవచ్చు. రెండు మూడు డీబీల తేడాకు అర్థమే లేదు. ఏడు కూడా అనుమానమే తప్ప తీర్పు కాదు. అందుకని సిమ్‌లు మార్చి చూశాం. నా సిమ్ ఆమె ఫోన్‌లో వేసినా అది -112 దగ్గరే ఉంది. ఆమె సిమ్ నా ఫోన్‌లో వేస్తే -106. కనుక తేడా సిమ్‌ది కాదు, ఫోన్‌ది. సిమ్‌తో పాటు జబ్బు కూడా అటు మారి ఉంటే కొత్త సిమ్ తీసుకుంటే సరిపోయేది. రెండు ఫోన్లూ ఒకేలా మొరాయిస్తే అది నెట్‌వర్క్ సంగతి, ఫోన్ మార్చి లాభం లేదు.

తర్వాత అసలు పరీక్ష. స్టూలు పక్కనే కూర్చుని చెవికి ఆనించుకుని, హాల్లోని ల్యాండ్‌లైన్‌కి ఒక్కో ఫోన్ నుంచి మూడేసి నిమిషాల కాల్స్ పది చేశాం. నా ఫోన్‌లో పదీ పూర్తయ్యాయి. ఆమె ఫోన్‌లో మూడు తెగిపోయాయి, ఇంకో రెండింటిలో అవతలివారి మాట మాకు వినిపించింది కానీ మా మాట వారికి వినిపించలేదు. ఆ రెండు కాల్స్‌లోనే అసలు కీలకం ఉంది.

వినడం వేరు, పలకడం వేరు

టవర్ మైక్ సెట్టు లాంటిది, పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మన ఫోన్‌కి ఉన్న గొంతు చిన్నది. 4జీ ఫోన్ సాధారణంగా గరిష్ఠంగా 200 మిల్లీవాట్లతో, అంటే వాట్‌లో అయిదో వంతుతో మాత్రమే టవర్‌కి జవాబు చెప్పగలదు. కాబట్టి సిగ్నల్ సన్నగిల్లినప్పుడు మొదట తెగేది టవర్ గొంతు కాదు, మనదే. గీతలు మనం టవర్‌ని ఎంత వింటున్నామో చెబుతాయి. టవర్ మనల్ని ఎంత వింటోందో అవి చెప్పవు.

యాంటెన్నా రెండు దారులకూ ఒకటే ద్వారం. వచ్చేదాంట్లో అయిదో వంతే లోపలికి తీసుకునే యాంటెన్నా, వెళ్లేదాంట్లో కూడా దాదాపు అంతే బయటికి వదులుతుంది. నా ఫోన్ గొంతు 200 మిల్లీవాట్లనుకుంటే, ఆ లెక్కన ఆమె ఫోన్ నుంచి గాలిలోకి వెళ్లేది 40 మిల్లీవాట్లే. లోపలి యంత్రం పూర్తి శక్తితో అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపు గోడ దాటదు.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. "హలో, హలో, వినిపిస్తోందా?" అని అవతలివారు అడుగుతుంటే, మనకు మాత్రం వారి మాట స్పష్టంగా వినిపిస్తుంటే, తెగింది మన గొంతే. ఒక గదిలో కూర్చుంటే ఫోన్ వేడెక్కి బ్యాటరీ త్వరగా అయిపోతుంటే అది ఇంకో గుర్తు. ఫోన్ గరిష్ఠ శక్తితో అరుస్తోందన్నమాట. ఓటీపీ ఆలస్యం కావడమూ ఇందులో భాగమే. మెసేజ్ పంపే కేంద్రం ఫోన్‌ని పిలిచి, జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పిలుస్తుంది. ఈలోపు ఓటీపీ గడువు దాటిపోతుంది, మనం బ్యాంకు సర్వర్‌ని తిట్టుకుంటాం.

యాంటెన్నా ఎందుకు బలహీనమవుతుంది?

యాంటెన్నా పొడవు తరంగం పొడవులో సుమారు నాలుగో వంతు ఉంటే బాగా పనిచేస్తుంది. 1800 మెగాహెర్ట్జ్‌లో అది నాలుగు సెంటీమీటర్లు, ఫోన్ అంచులో హాయిగా ఇముడుతుంది. 850 లేదా 900 మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు కావాలి. ఫోన్ లోపల బ్యాటరీ, కెమెరాలు, స్పీకర్ల మధ్య అంత చోటు దొరకదు. వంచి, మడిచి, ఫోన్ చట్రాన్నే వాడుకుని ఎలాగో సర్దుతారు. సర్దడంలో ఉన్న నేర్పే ఒక కంపెనీ ఫోన్‌కీ ఇంకోదానికీ తేడా.

చిక్కేమిటంటే గోడలు దాటి ఇంటి లోపలికి బాగా చొచ్చుకొచ్చేవి ఆ తక్కువ మెగాహెర్ట్జ్ తరంగాలే. ఇంట్లో ఎక్కువ అక్కరకొచ్చే బ్యాండ్‌లోనే చిన్న ఫోన్ యాంటెన్నా ఎక్కువ ఇబ్బంది పడుతుంది. మా ఇంటి లోపలి నడవలో ఇది కళ్లారా చూశాం. అక్కడ రెండు ఫోన్లూ తక్కువ బ్యాండ్‌కి మారాయి. నాది -110 చూపిస్తే ఆమెది -121 చూపించింది. పడగ్గదిలో ఏడున్న తేడా నడవలో పదకొండయింది, అంటే దాదాపు పన్నెండు రెట్లు.

రెండో కారణం మన చెయ్యి. మన శరీరంలో నీరే ఎక్కువ, నీరు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. చాలా ఫోన్లలో ప్రధాన యాంటెన్నా కింది అంచున, సరిగ్గా మన అరచేయి మూసేచోట ఉంటుంది. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గెర్ట్ పెడెర్సన్ 2016లో నార్డిక్ దేశాల మంత్రిమండలి కోసం 26 ఫోన్లను నమూనా తల, నమూనా చెయ్యి పెట్టి పరీక్షించారు. ఫోన్‌కీ ఫోన్‌కీ చాలా తేడా కనబడింది. అదే ఫోన్ కుడిచేతిలో ఒకలా, ఎడమచేతిలో మరోలా పనిచేయడం కూడా బయటపడింది. ఖరీదైన ఫోన్లన్నీ ముందు వరుసలో లేవు.

మూడో కారణం మనం తగిలించేవి. మా ఆవిడ ఫోన్ వెనక పౌచ్‌లో, కారు హోల్డర్‌కి అతుక్కోవడం కోసం గుండ్రని ఇనుప బిళ్ల ఒకటి అంటించి ఉంది. దాన్ని తీసేసి మళ్లీ కొలిస్తే -113 కాస్తా -109 అయింది. మామూలు ప్లాస్టిక్, రబ్బరు పౌచ్‌ల వల్ల ఇలాంటి నష్టం ఉండదు, లోహంతోనే చిక్కు. తెర మార్పించిన తర్వాత సిగ్నల్ తగ్గిన ఫోన్ అయితే ఇంకో సంగతి చూడాలి. లోపల యాంటెన్నాకు వెళ్లే సన్నని తీగ గానీ, స్ప్రింగ్ లాంటి కాంటాక్ట్ గానీ సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు. దాన్ని సరిచేయించడం చిన్న పనే.

మోడెమ్ సంగతి

యాంటెన్నా చెవి అయితే మోడెమ్ మెదడు. చెవిలో పడిన మాటలో గోల ఏది, అర్థం ఏది అని విడదీసేది అదే. ఇంట్లో పెద్దవాళ్లను చూడండి. టీవీ మోగుతుంటే ఒకరు పక్కగదిలోని మాట పట్టేస్తారు, ఇంకొకరు "ఏమిటీ?" అంటారు. ఇద్దరి చెవులూ ఒకలాంటివే, గోలలోంచి మాటను ఏరడంలోనే తేడా. మోడెమ్‌లూ అంతే. తప్పిపోయిన అక్షరాలను లెక్కలు కట్టి పూరించడం, గోడలకు తగిలి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనులను సర్దడం, పక్క టవర్లను కొలుస్తూ సమయానికి మారడం దాని పని.

మోడెమ్ తేడాను విడిగా చూపిన సందర్భం 2016లో వచ్చింది. ఆ ఏడాది ఐఫోన్ 7, 7 ప్లస్ ఫోన్లను యాపిల్ రెండు రకాల మోడెమ్‌లతో తయారుచేసింది, కొన్నిటిలో క్వాల్‌కామ్‌ది, కొన్నిటిలో ఇంటెల్‌ది. పైకి చూస్తే అదే ఫోన్, అదే ధర. సెల్యులార్ ఇన్‌సైట్స్ అనే సంస్థ రెండు రకాల 7 ప్లస్ ఫోన్లనూ ప్రయోగశాలలో పెట్టి, కృత్రిమ టవర్ సిగ్నల్‌ని మెల్లమెల్లగా తగ్గిస్తూ వేగం కొలిచింది. సిగ్నల్ బలంగా ఉన్నంతసేపు రెండూ దాదాపు సమానంగానే నడిచాయి. సిగ్నల్ బలహీనమయ్యేకొద్దీ ఇంటెల్ మోడెమ్ ఫోన్ వెనకబడింది, తేడా 30 శాతానికి మించింది.

ఇందులో మనకు పాఠం ఒకటుంది. దుకాణంలో, టవర్ పక్కన నిలబడి రెండు ఫోన్లలో స్పీడ్ టెస్ట్ చేస్తే ఏమీ తెలియదు. మంచి సిగ్నల్‌లో అన్ని ఫోన్లూ మంచివే. తేడా బయటపడేది అంచు దగ్గర, అంటే మన పడగ్గదిలో, లిఫ్ట్ పక్కన, బేస్‌మెంట్‌లో.

ఢిల్లీలో మోడెమ్‌కి రోజూ పరీక్ష పెట్టే చోటు మెట్రో. మా బ్లూ లైన్ రైలు రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్ దాకా ఆకాశంలో పోయి, రాజీవ్ చౌక్ వచ్చేలోపు భూగర్భంలోకి దిగుతుంది. ఆ కొద్ది సెకన్లలో బయటి టవర్ మాయమవుతుంది, సొరంగంలోని యాంటెన్నాకు ఫోన్ మారాలి. పాతదాన్ని వదిలేలోపు కొత్తదాన్ని కొలిచి ఆ సంగతి టవర్‌కి చెప్పగలిగితే మాట నిలుస్తుంది. ఆలస్యమైతే తెగుతుంది. అదే పెట్టెలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు మాట్లాడుతూనే ఉండటం, ఇంకొకరు "హలో హలో" అనడం అందుకే.

మేము చివరికి చేసింది

ఇనుప బిళ్ల తీశాక పది కాల్స్‌లో ఒకటే తెగింది. ఫోన్‌ని కింది అంచు మూయకుండా పైభాగంలో వేళ్లతో పట్టుకోవడం మా ఆవిడ అలవాటు చేసుకుంది. బల్లమీద పెట్టి స్పీకర్‌లో మాట్లాడితే పదికి పదీ నిలిచాయి. లోపలి నడవలో మాత్రం ఎంత చేసినా లాభం లేకపోయింది. యాంటెన్నా డిజైన్‌లోని లోపాన్ని ఇంట్లో కూర్చుని మనం సరిచేయలేం.

దానికి వైఫై కాలింగ్ దారి చూపింది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే మాట టవర్‌కి కాకుండా వైఫై ద్వారా వెళ్తుంది, నంబరు అదే, ప్లాన్ అదే. మన దేశంలో ఈ సౌకర్యాన్ని 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్ మొదట ఢిల్లీ ఎన్‌సీఆర్‌లోనే ప్రారంభించింది. 2020 జనవరిలో జియో కూడా తెచ్చింది. సెట్టింగ్స్‌లో సిమ్ విభాగంలో "వైఫై కాలింగ్" అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే చాలు. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కనుక దానికి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టాం. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది అవసరం.

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగే ముందు మూడు సంగతులు చూడండి. మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లన్నీ, ముఖ్యంగా 850 లేదా 900 లాంటి తక్కువ బ్యాండ్, ఆ ఫోన్‌లో ఉండాలి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన ఫోన్లలో ఇదే ఎక్కువగా లోపిస్తుంది. మీ నెట్‌వర్క్‌లో 4జీ మాట, వైఫై కాలింగ్ రెండూ ఆ మోడల్‌లో పనిచేస్తాయేమో కనుక్కోవాలి. వీలైతే అదే మోడల్ వాడుతున్న సహోద్యోగి ఫోన్‌ని ఒక్కసారి మీ ఇంటికి రప్పించి, మీ సిమ్ వేసి, మీ ఇంట్లో అన్నిటికన్నా సిగ్నల్ తక్కువ ఉండే మూలలో మూడు కాల్స్ చేసి చూడండి. ఏ ప్రకటనా చెప్పని నిజం ఆ మూల చెబుతుంది.

చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. బలహీనమైన సిగ్నల్‌లో ఫోన్ గట్టిగా అరుస్తుంది కదా, పిల్లలకు ప్రమాదమా? మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఫోన్ల రేడియేషన్ పరిమితి కిలోకు 1.6 వాట్లు. ఫోన్ గరిష్ఠ శక్తితో పనిచేస్తున్నప్పుడు కొలిచిన విలువ ఆ లోపు ఉండాలి. మీ ఫోన్ విలువ చూడాలంటే *#07# నొక్కండి. సిగ్నల్ తక్కువున్న చోట స్పీకర్ గానీ ఇయర్‌ఫోన్ గానీ వాడితే ఆ శక్తి తలకు దూరంగా ఉంటుంది, పైగా మాట కూడా బాగా నిలుస్తుంది.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి అత్తయ్యగారి ఫోన్ మా ఆవిడ ఫోన్‌కే వస్తోంది. పడగ్గదిలో గీతలు ఇంకా మూడే. వాటివంక ఇద్దరం చూడటం మానేశాం.